మణికట్టు మీద మూడు బటన్లు

స్మార్ట్‌వాచ్ యాప్ ఎలా ఉందో చూసి చెప్పమని అడిగేవాళ్లు సాధారణంగా ఒక బొమ్మ పంపుతారు. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఆ బొమ్మ అరచేయంత కనిపిస్తుంది. అక్షరాలు స్పష్టంగా, రంగులు ముచ్చటగా, అన్నీ చక్కగా అమరినట్టే ఉంటాయి. అలా చూసి బాగుందని చెప్పేస్తే ఆ యాప్‌ని రేపు వాడబోయేవాళ్లకి అన్యాయం చేసినట్టే. వాళ్లు దాన్ని చూసేది పది రూపాయల నాణెం కంటే కాస్త పెద్దదైన గాజు మీద. అదీ నడుస్తూనో, ఎండలోనో, ఓ చేతిలో సంచి పట్టుకునో.

ఇలాంటి పరిశీలన ఎలా చేస్తారో చెప్పడానికి ఒక్క స్క్రీన్‌ని తీసుకుని దాన్నే చివరిదాకా చూద్దాం. పెద్దవాళ్లకి మందుల వేళ గుర్తుచేసే తెలుగు యాప్ అనుకోండి. ఫోన్‌లో బాగానే పనిచేస్తోంది కదా అని దాన్నే కుదించి గుండ్రటి వాచ్‌లోకి తెచ్చారు. ఉదయం ఎనిమిదింటికి మణికట్టు మీద వైబ్రేషన్ వస్తుంది. చెయ్యి ఎత్తి చూస్తే పైన టైము, దాని కింద యాప్ పేరు, ఆ కింద ‘మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా.’, తర్వాత ‘1 మాత్ర, అల్పాహారం తర్వాత’, ఇంకా చిన్న అక్షరాల్లో ‘తర్వాతి మందు: మధ్యాహ్నం 1.30’. స్క్రీన్ అంచు వెంట ఏడు సన్నటి రంగు వలయాలు. వారంలో ఏ రోజు ఎన్ని పూటలు మందు వేసుకున్నారో చెప్పేవి అవి. అడుగున పక్కపక్కనే మూడు బటన్లు: ‘వేసుకున్నాను’, ‘వేసుకోలేదు’, ‘తర్వాత’.

వీటిలో అనవసరమని ఒక్కదాన్నీ కొట్టిపారేయలేం. ఫోన్‌లో ఇవన్నీ ఉండాల్సినవే. అందుకే ఇలాంటి స్క్రీన్‌లో తప్పు పట్టుకోవడం కష్టం. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఒక సమాధానం ఉంటుంది, అన్నీ ఒకచోట చేరాక మాత్రం పని జరగదు.

చూపు ఎంతసేపు నిలుస్తుంది

జనం స్మార్ట్‌వాచ్‌ని నిజంగా ఎలా వాడుతున్నారో తెలుసుకోవడానికి ఒక పరిశోధక బృందం 12 మంది ఒంటికి చిన్న కెమెరాలు తగిలించి, వాళ్ల రోజువారీ వాడకాన్ని రికార్డు చేసింది. 2016లో వెలువడిన ఆ అధ్యయనంలో 1009 సందర్భాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. అందులో సగం సార్లు వాళ్లు వాచ్ చూసింది కేవలం టైము కోసం. కానీ మొత్తం వాడకం సమయంలో ఆ సగం చూపులు కలిపితే 14 శాతమే అయ్యాయి. అంటే చేతి గడియారంతో మనిషికి ఉన్న పాత అలవాటు స్మార్ట్‌వాచ్ వచ్చాక కూడా పోలేదు. చెయ్యి తిప్పాలి, తెలుసుకోవాలి, దించేయాలి. వాచ్‌తో జరిగే పనుల్లో చాలా భాగం ఐదు సెకన్లలోపే ముగిసిపోతాయని ఈ రంగంలోని ఇతర అధ్యయనాలూ చెబుతున్నాయి.

ఆ ఐదు సెకన్లూ చదవడానికి మిగలవు. చెయ్యి పైకి రావాలి, స్క్రీన్ వెలగాలి, కంటికి ఆనాలి. నొక్కాల్సినది ఉంటే రెండో చెయ్యి ఖాళీ చేసుకుని అక్కడికి తీసుకురావాలి. ఇవన్నీ పోగా చదివి అర్థం చేసుకోవడానికి దొరికేది ఒకటి రెండు సెకన్లు. డిజైనర్లు ‘గ్లాన్సబుల్’ అనేది ఈ ఒకటి రెండు సెకన్లలో తెలిసిపోయేదాన్నే.

దీన్ని పరీక్షించడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. స్క్రీన్ బొమ్మను వాచ్‌లో ఉండే సైజులోనే, అంటే మన ఉదాహరణలో 30 మిల్లీమీటర్ల వ్యాసంతో ప్రింటు తీసి, కత్తిరించి, మణికట్టుకి అంటించుకుంటే చాలు. వాచ్ ఉంటే ఇంకా మంచిది. యాప్ గురించి ముందు ఏమీ తెలియని మనిషికి ఆ చెయ్యి రెండు సెకన్లు చూపించి దించేయాలి. తర్వాత రెండే ప్రశ్నలు అడగాలి: ఇప్పుడు నువ్వేం చెయ్యాలి? దేన్ని నొక్కాలి? ‘బాగుందా?’ అని మాత్రం అడగకూడదు. అడిగితే అందరూ బాగుందనే అంటారు, ఆ జవాబుతో మనకి ఒరిగేదేమీ లేదు.

మన స్క్రీన్‌కి ఈ పరీక్ష పెడితే జరిగేది ముందే ఊహించవచ్చు. మొదట కళ్లు వెళ్లేది రంగు వలయాల మీదికి. ఆ స్క్రీన్‌లో కొట్టొచ్చినట్టు కనిపించేవి అవే, ఆ క్షణానికి ఏమాత్రం అక్కరకు రానివీ అవే. వలయాల లెక్క ఏమిటా అని చూసేలోపు రెండు సెకన్లూ అయిపోతాయి. మందు పేరు గుర్తుండదు.

ఈ వలయాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే వాచ్ యాప్‌లు చేసేవాళ్లకి ఇవంటే మహా ఇష్టం. గుండ్రటి గాజుకి గుండ్రటి బొమ్మ నప్పుతుంది కదా అనుకుంటారు. టాంజా బ్లాషెక్, పెట్రా ఐసెన్‌బర్గ్, వాళ్ల సహచరులు కలిసి వాచ్ స్క్రీన్ మీద మూడు రకాల చార్టులను పరీక్షించారు. గుర్తుపెట్టిన రెండు విలువల్లో ఏది పెద్దదో చెప్పడం పని. మామూలు నిలువు పట్టీల చార్టులో సగటున 0.3 సెకను లోపు సరిపోయింది. ముక్కలుగా కోసిన ఒకే వలయం, అంటే డోనట్ చార్టుకి 0.22 సెకను లోపే. ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలకి వచ్చేసరికి ఆ సమయం 1.78 సెకన్ల దాకా పెరిగింది. కారణం బొమ్మలోనే ఉంది. ఒకే విలువ చూపే రెండు వలయాల్లో బయటిది పొడుగ్గా, లోపలిది పొట్టిగా కనిపిస్తుంది. కంటికి తెలిసేది పొడుగు, చార్టు చెప్పేది కోణం. ఆ రెంటినీ సరిచూసుకోవడానికి బుర్రకి సమయం పడుతుంది. మన దగ్గర ఉన్న మొత్తం సమయమే రెండు సెకన్లైతే దాన్ని వలయాలకి ధారపోయలేం.

తెలుగు అక్షరానికి తలా పాదం ఉన్నాయి

అక్షరం ఎంత ఉండాలన్నది రెండో ప్రశ్న. అక్షరం కంటి దగ్గర ఎంత కోణం చేస్తుందన్నదాన్ని బట్టి ఎర్గోనామిక్స్ వాళ్లు దీన్ని కొలుస్తారు. హాయిగా చదవాలంటే ఆ కోణం డిగ్రీలో మూడోవంతు దరిదాపుల్లో ఉండాలని లెక్క. వాచ్ కంటికి 35 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే అది 2 మిల్లీమీటర్ల ఎత్తుకి సమానం. మన స్క్రీన్‌లో ‘తర్వాతి మందు’ అన్న వరుసని స్కేలు పెట్టి కొలిస్తే అక్షరం మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ వస్తుంది. పాతికేళ్ల కుర్రాడు దాన్నీ చదివేస్తాడు. కానీ ఈ యాప్ ఉద్దేశించినదే చత్వారం వచ్చినవాళ్ల కోసం. దగ్గర చూపు ఆననివాళ్లు పుస్తకమైతే దూరంగా జరుపుకుంటారు. చేతికి కట్టిన వాచ్‌ని చెయ్యి చాచినంత దూరమే జరపగలరు, జరిపేకొద్దీ అక్షరం ఇంకా చిన్నదవుతుంది. ఉదయం ఎనిమిదింటికి కళ్లజోడు పెట్టుకునే ఉంటారన్న భరోసా కూడా లేదు.

ఇంగ్లీషులో కొలతలు సరిపోయిన స్క్రీన్‌లో తెలుగు పెడితే మరో చిక్కు వస్తుంది. గూగుల్ తన మెటీరియల్ డిజైన్ మార్గదర్శకాల్లో లిపులను మూడు రకాలుగా విడదీసింది. ఇంగ్లీషు లాంటివి ఒక రకం, చైనా, జపాన్ లిపుల్లా దట్టమైనవి ఇంకో రకం, వరుసకి ఎత్తు ఎక్కువ కావలసినవి మూడో రకం. హిందీ, అరబిక్, థాయ్‌లతో పాటు తెలుగు ఈ మూడో రకంలోకి వస్తుంది. మన అక్షరానికి నెత్తిన గుడి, పొల్లు లాంటివి ఉంటాయి, కాళ్ల కింద ఒత్తు ఉంటుంది. ఇంగ్లీషుకి సరిపడా వరుస ఎత్తు ఇస్తే కింది ఒత్తు తెగిపోతుంది, లేదా తర్వాతి వరుస గుడికి తగులుతుంది.

ఇది అందం సమస్య అయితే ఓర్చుకోవచ్చు. మన స్క్రీన్‌లో ‘మి.గ్రా.’ అన్నచోట కింది అంచు తెగితే క్రావడి పోయి ‘మి.గా.’ అవుతుంది. ‘వేసుకున్నాను’లో నావత్తు పోతే ‘వేసుకునాను’ అవుతుంది. చదివేవాళ్లు తడబడి మళ్లీ చదువుతారు. ఆ మళ్లీ చదవడానికే మన దగ్గర సమయం లేదు. కాబట్టి తెలుగు స్క్రీన్ పరిశీలించేటప్పుడు ‘స్త్రీ’, ‘రక్తపోటు’, ‘మెట్‌ఫార్మిన్’ లాంటి పైనా కిందా పెరిగే మాటలు ఏరి, ప్రతి వరుసలోనూ, ప్రతి బటన్‌లోనూ పెట్టి చూడాలి. ‘అమల’, ‘కమల’ లాంటి పేర్లతో పరీక్షిస్తే ఏ లోపమూ బయటపడదు.

తర్వాత వాచ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్షరాల సైజును అన్నిటికంటే పెద్దదిగా మార్చి మళ్లీ చూడాలి. మన యాప్ వాడే పెద్దవాళ్లలో చాలామందికి పిల్లలు మొదట చేసిపెట్టే పని అదే. అలా మార్చినప్పుడు వరుసలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కినా, బటన్ అసలు కనిపించకుండా కిందికి పోయినా ఆ స్క్రీన్ ఇంకా పూర్తికానట్టే లెక్క.

వేలికి చోటు

ఇప్పుడు ఆ మూడు బటన్ల దగ్గరికి వద్దాం. ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్ల కంటే కాస్త ఎక్కువ వెడల్పు, 5 మిల్లీమీటర్ల ఎత్తు. మధ్య సందు అర మిల్లీమీటరు పైన అంతే.

టచ్ స్క్రీన్ మీద బటన్ ఎంత ఉండాలన్నదానికి 2006లో పార్హీ, కార్ల్‌సన్, బెడర్సన్ చేసిన అధ్యయనాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్క చేత్తో పరికరం పట్టుకుని బొటనవేలితో నొక్కే పనికి 9.2 మిల్లీమీటర్లు ఉంటే మంచిదని వాళ్లు తేల్చారు. వాచ్‌ని నొక్కేది చూపుడువేలు కనుక కొంచెం తగ్గినా ఫర్వాలేదనుకోవచ్చు. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు నొక్కే చోటు కనీసం 48 డీపీ ఉండాలంటాయి. డీపీ అంటే స్క్రీన్ మీద వాడే కొలత, అంగుళంలో 160వ వంతు. ఆ లెక్కన 48 డీపీ సుమారు 7.6 మిల్లీమీటర్లు. మన బటన్లు ఈ రెండు కొలతల్లో దేనికీ చాలవు.

ఇంత చోటు ఎందుకు కావాలో తెలిస్తే ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నొక్కుతున్నప్పుడు వేలు ఆ బటన్‌నే కప్పేస్తుంది. కనుక మనిషి చివరి క్షణంలో తన గురిని చూడలేడు. పైగా గాజుకి తగిలేది వేలి అడుగు భాగం, మనకి కనిపించేది పైభాగం. మనుషులు వేలి పైభాగాన్ని, అంటే గోరునీ వేలి అంచులనీ చూసుకుని గురిపెడతారని క్రిస్టియన్ హోల్జ్, పాట్రిక్ బౌడిష్ జర్మనీలోని హాసో ప్లాట్‌నర్ సంస్థలో చేసిన ప్రయోగాల్లో చూపించారు. వేలు వాలుగా వచ్చినప్పుడు మనం అనుకున్న చోటుకీ వాచ్ గుర్తించిన చోటుకీ తేడా వస్తుంది. మణికట్టు మీదికి వేలు వచ్చేది దాదాపు ఎప్పుడూ వాలుగానే. ఆ తేడా మిల్లీమీటర్లలో ఉంటుంది, మన బటన్ల మధ్య సందు మిల్లీమీటరు కూడా లేదు.

గుండ్రటి గాజు ఇంకో దెబ్బ తీస్తుంది. మూడు బటన్లూ సందులూ కలిపితే 20 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పు. మధ్యలో 30 మిల్లీమీటర్ల చోటు ఉంది కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ బటన్లు ఉన్నది అడుగున. వాటి కింది అంచు ఉన్నచోట గాజు వెడల్పు 18.6 మిల్లీమీటర్లే. అంటే అటు ఇటు బటన్ల మూలలు గాజు దాటి పోయాయి. చతురస్రం గీసుకుని అందులో డిజైన్ చేసి, చివర్లో గుండ్రంగా కోసేస్తే వచ్చే లోపం ఇది. చాలా యాప్‌లలో కనిపిస్తుంది.

ఇక ఆ బటన్ల మీద ఏం రాసి ఉందో దగ్గరగా చూడండి. ఆరు మిల్లీమీటర్లలో ‘వేసుకున్నాను’ పట్టదు. పట్టనప్పుడు సాఫ్ట్‌వేర్ చివర కోసేసి చుక్కలు పెడుతుంది. అప్పుడు మొదటి బటన్ ‘వేసుకు…’ అని, రెండోది ‘వేసుకో…’ అని కనిపిస్తాయి. తెలుగు క్రియలో అవునో కాదో తేల్చేది చివరి ముక్క. సరిగ్గా ఆ ముక్కనే కోసేశాం. వేసుకున్నానని చెప్పే బటనూ, వేసుకోలేదని చెప్పే బటనూ ఒకేలా కనిపిస్తూ అర మిల్లీమీటరు దూరంలో పక్కపక్కనే నిలబడ్డాయి. ఈ స్క్రీన్‌లో నాకు అన్నిటికంటే భయం కలిగించే చోటు ఇదే.

ఆకుపచ్చ, ఎరుపు రంగులు పూశాం కదా అని తయారుచేసినవాళ్లు అనవచ్చు. ఎండలో చిన్న స్క్రీన్ మీద రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. ఆ రెండు రంగుల తేడా తెలియని కళ్లున్నవాళ్లూ ఉంటారు. రంగు మాటకి తోడుగా ఉండాలి తప్ప మాట చేయాల్సిన పనిని రంగు మీద వదిలేయకూడదు.

ఏది ఉండాలి, ఏది పోవాలి

చిన్న స్క్రీన్‌లో ఎంత సరుకు పట్టించాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మూడు వరుసలా, నాలుగా అని లెక్కలోకి దిగుతుంటారు. వరుసల లెక్కతో తేలే విషయం కాదని నా అభిప్రాయం. ప్రతి వరుసనీ ఒక ప్రశ్న అడిగితే తేలుతుంది: ఈ వరుస లేకపోతే ఈ క్షణంలో ఆ మనిషి చేసే పని మారుతుందా?

యాప్ పేరు లేకపోతే ఏమీ మారదు. అది వెళ్లిపోవచ్చు. మధ్యాహ్నం 1.30కి వేసుకోవాల్సిన మందు గురించి ఉదయం ఎనిమిదింటికి చేసేదేమీ లేదు. దాని వేళకి వాచ్ మళ్లీ మోగుతుంది. వారం లెక్క చూడాలనుకునేది కొడుకో కూతురో డాక్టరో, వాళ్లు తీరిగ్గా కూర్చుని ఫోన్‌లో చూస్తారు. వలయాలు అక్కడికి పోవాలి. ‘అల్పాహారం తర్వాత’ అన్నది మాత్రం ఉండి తీరాలి, ఎందుకంటే ఇంకా టిఫిన్ తినకపోతే ఆ మనిషి ఇప్పుడు మాత్ర వేసుకోకూడదు. అంత పొడుగు మాట అవసరం లేదు, ‘తిన్నాక’ అంటే చాలు.

మందు పేరు దగ్గర కొంచెం ఆగాలి. మన ఇళ్లలో ఎవరూ మెట్‌ఫార్మిన్ అనరు. షుగర్ బిళ్ల అంటారు, బీపీ బిళ్ల అంటారు, లేకపోతే పొద్దున వేసుకునే తెల్లది అంటారు. ఇంట్లోవాళ్లు ఫోన్‌లో మందు వివరాలు ఎక్కించేటప్పుడే పిలిచే పేరు కూడా రాసే వీలు ఉంటే వాచ్‌లో ‘షుగర్ బిళ్ల’ అని పెద్ద అక్షరాల్లో వస్తుంది. చోటు కలిసొస్తుంది, చూడగానే తెలుస్తుంది. అయితే ఒకే మనిషికి రెండు రకాల షుగర్ బిళ్లలు ఉండటం మామూలే. కాబట్టి పక్కన ‘500’ అన్న అంకెను తీసేయకూడదు. రెండు మందులకి ఒకే పిలుపు పేరు పెట్టబోతే యాప్ ఒప్పుకోకూడదు. క్లుప్తత కోసం ఏ ముక్కనైనా కోసే ముందు ఇలా ఆలోచించాలి. కోసిన ముక్కతో పాటు రెండు వస్తువుల మధ్య తేడా పోతోందా అన్నది చూడాలి.

ఎనిమిదింటికే మూడు మందులు ఉంటే? ఇది అందరూ తప్పించుకుని వెళ్లే ప్రశ్న. మూడూ ఒకే స్క్రీన్‌లో పెట్టి ‘అన్నీ వేసుకున్నా’ అని ఒక బటన్ ఇస్తే పని చిటికెలో అయిపోతుంది. కానీ ఒకటి డబ్బాలో అయిపోయి రెండే వేసుకున్న రోజు కూడా అదే బటన్ నొక్కుతారు, ఆ మూడో మందు సంగతి ఎవరికీ తెలియదు. ఒక్కొక్కటిగా అడిగితే లెక్క నిక్కచ్చిగా ఉంటుంది కానీ మూడుసార్లు నొక్కాలి. నేనైతే ఒక్కొక్కటిగా అడగడమే మంచిదంటాను. పైన ‘3లో 1’ అని చూపించి, ఒకటి నొక్కగానే రెండోది దానంతటదే రావాలి. మందుల విషయంలో రెండు మూడు సెకన్లు ఎక్కువ పట్టినా నష్టం లేదు, తప్పు లెక్క పడితే నష్టం ఉంది. పాటలు మార్చే యాప్‌కైతే ఇదే సలహా ఇవ్వను.

పొరపాటున నొక్కితే

ఎంత పెద్ద బటన్ పెట్టినా ఎప్పుడో ఒకసారి వేలు తప్పుతుంది. చెమట చుక్క పడినా, తడి చేతితో తాకినా వాచ్ తనని నొక్కారనుకోవచ్చు. కాబట్టి పరిశీలనలో ప్రతి బటన్‌కీ తప్పు నొక్కుడు ఖరీదెంత అని లెక్క వేసుకోవాలి. మందు వేసుకోకుండానే ‘వేసుకున్నాను’ నొక్కితే ఒక పూట మందు పోతుంది. వేసుకున్నాక ‘వేసుకోలేదు’ నొక్కితే ఇంకా ప్రమాదం. గంట తర్వాత యాప్ మళ్లీ గుర్తుచేస్తుంది, మతిమరుపున్న మనిషి రెండో మాత్ర వేసుకునే అవకాశం ఉంది.

దీనికి చాలామంది చేసే వైద్యం ‘ఖచ్చితంగానా?’ అని మళ్లీ అడిగే స్క్రీన్ పెట్టడం. రోజూ మూడు పూటలా అదే ప్రశ్న వస్తుంటే నాలుగో రోజుకి చదవకుండానే అవును నొక్కేస్తారు. దానికంటే నొక్కిన మాట వెంటనే ఒప్పుకుని, స్పష్టమైన వైబ్రేషన్ ఇచ్చి, ‘షుగర్ బిళ్ల వేసుకున్నారు’ అని చూపించి, కింద స్క్రీన్ వెడల్పంతా ‘కాదు, వెనక్కి’ అన్న బటన్ కొన్ని సెకన్లు ఉంచడం మేలు. పొరపాటు చేసినవాళ్లకే అదనపు పని పడుతుంది. ఈలోగా చెయ్యి దిగి స్క్రీన్ ఆరిపోతే, మళ్లీ ఎత్తినప్పుడు అదే స్క్రీన్ అలాగే కనిపించాలి. చాలా యాప్‌లు ఇక్కడ గడియారం ముఖానికి వెళ్లిపోతాయి, తాను నొక్కింది పడిందో లేదో మనిషికి తెలియదు.

మార్చిన స్క్రీన్

ఇవన్నీ కలిపితే కొత్త స్క్రీన్ ఇలా వస్తుంది. పైన టైము. దాని కింద, గాజు వెడల్పు పెరిగేచోట, పెద్ద అక్షరాల్లో ‘షుగర్ బిళ్ల 500’. ఆ కింద కొంచెం చిన్నగా ‘1 మాత్ర, తిన్నాక’. నడిమధ్య నుంచి కిందికి, 24 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల ఎత్తున్న ఒకే ఒక్క బటన్, దాని మీద టిక్కు గుర్తుతో ‘వేసుకున్నా’. అక్కడ గాజు వెడల్పు 25 మిల్లీమీటర్లకి తగ్గదు కనుక మూలలు తెగవు. ఆ బటన్ కింద ఇంకో బటన్ పై అంచు కొద్దిగా కనిపిస్తూ ఉంటుంది. అలా కనిపించకపోతే కింద ఇంకేదో ఉందని ఎవరికీ తోచదు. వేలితో గానీ, పక్కనున్న మీట తిప్పి గానీ కిందికి జరిపితే ‘కాసేపాగి’, ‘ఈ పూట మానేశా’ అన్నవి ఒక్కొక్కటి ఒక్కో వరుసలో, అదే వెడల్పుతో వస్తాయి. మూడు బటన్ల మాటలూ మొదటి అక్షరం దగ్గరే వేరువేరు. ఒకవేళ చివర తెగినా ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోరు. నేపథ్యం నలుపు, అక్షరాలు తెలుపు, బటన్‌కి ఒకే రంగు.

మరో పద్ధతి కూడా ఉంది. 2025లో గూగుల్ ప్రకటించిన వేర్ ఓఎస్ కొత్త డిజైన్‌లో గుండ్రటి అడుగు అంచు వంపుని అనుసరించి సాగే బటన్ ఇచ్చారు. అడుగున వృథాగా పోయే చోటు దాంతో పనికొస్తుంది. ఒకే ముఖ్యమైన పని ఉన్న స్క్రీన్‌కి అది చక్కగా సరిపోతుంది. ఆపిల్ కూడా తన మార్గదర్శకాల్లో వాచ్ మీద బొమ్మల బటన్లైతే మూడు, మాటల బటన్లైతే రెండు మించి పక్కపక్కన పెట్టవద్దంటుంది. తెలుగు మాటల పొడవు తెలిసినవాళ్లు ఆ రెండు కూడా పెట్టకపోవడం మంచిది. ఒక వరుసకి ఒక్కటే.

ఈ కొత్త స్క్రీన్‌కీ లోపాలు లేకపోలేదు. అక్షరాల సైజు పూర్తిగా పెంచితే మందు పేరు రెండు వరుసలవుతుంది, బటన్ కింది సగం గాజు దాటి జారుతుంది. అప్పుడు ‘1 మాత్ర’ని తగ్గించాలా, బటన్‌ని జరగనివ్వాలా అన్నది తేల్చుకోవాలి. బటన్‌ని జరగనివ్వడమే నయం, మోతాదుని దాచకూడదు. మందు వేసుకోని మనిషి ఆ మాట చెప్పడానికి కిందికి జరపాలి, అది ఒక అదనపు కష్టం. కానీ రోజుల్లో ఎక్కువ భాగం నొక్కేది ‘వేసుకున్నా’నే కనుక పెద్ద చోటు దానికే దక్కాలి. కొత్త మందు చేర్చడం, వేళ మార్చడం లాంటివి వాచ్‌లో అసలు పెట్టలేదు. అవి ఫోన్‌లోనే చేసుకోవాలి.

అమ్మకో నాన్నకో స్మార్ట్‌వాచ్ కొనాలనుకుంటున్నవాళ్లకి ఒక మాట. వీలైతే వాళ్లని కూడా షాపుకి తీసుకెళ్లండి. అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది చేసి, మీ ఫోన్ నుంచి దానికి ఒక తెలుగు మెసేజ్ వచ్చేలా చూడండి. కళ్లజోడు లేకుండా చదవమనండి, ఒత్తులు తెగుతున్నాయేమో మీరు చూడండి. తర్వాత నాలుగడుగులు నడుస్తూ ఏదో ఒక బటన్ నొక్కమనండి. మొదటిసారికే చదవగలిగి, మొదటిసారికే నొక్కగలిగితే కొనండి. లేకపోతే ఎంత తగ్గింపు ఇచ్చినా ఆ వాచ్ వద్దు.